నాలుగు షిఫ్టుల ప్లాను

బల్లార్‌పూర్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన ప్రైవేటు బొగ్గు వాషరీలో మొగిలికి బొగ్గును మోసే బెల్టు దగ్గర పని. సాస్తి గనుల నుంచి వచ్చిన బొగ్గును కడిగి వ్యాగన్లకెక్కించే ఫ్యాక్టరీ అది. తొంభై ఎనిమిది జూన్‌లో అరవింద్ అనే పిల్లగాడు ట్రైనీగా చేరినప్పుడు సేఫ్టీ ఆఫీసరు దేశ్‌ముఖ్ సారు మొగిలిని పిలిచాడు.

"నువ్వు వీడికి బడ్డీవి. నాలుగు షిఫ్టులు నీ వెంటే తిప్పుకో. ఎట్లా నేర్పుతావో రాసివ్వు" అన్నాడు మరాఠీలో.

మొగిలి రెండు రోజులు ఆలోచించి, మరాఠీలోనే రాసిచ్చాడు. మొదటి షిఫ్టులో అరవింద్ చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. రెండో షిఫ్టులో మొగిలి ప్రతి పనీ చేసే ముందు, ఏం చేయబోతున్నాడో అరవింద్ నోటితో చెప్పాలి. మూడో షిఫ్టులో అరవింద్ చేయాలి, మొగిలి పక్కనే నిలబడాలి. నాలుగోదాంట్లో మొగిలి దూరం నుంచి చూడాలి. సారు ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించాడు. మొగిలి ఆ వారమంతా కావాలనే బోర్డు ముందు నుంచి నడిచాడు.

మొదటి షిఫ్టు బాగా గడిచింది. రెండో షిఫ్టులో మధ్యాహ్నం బెల్టు మీదికి బొగ్గు జారే గొట్టం మూసుకుపోయింది. తడి బొగ్గు బంకలా పట్టేసింది.

"ఇప్పుడేం చేస్త?" అడిగాడు మొగిలి.

"తాడు గుంజి బెల్టు ఆపుతవు. సూపర్‌వైజర్ దగ్గర పర్మిషన్ కాగితం తీసుకుంటవు. ఎలక్ట్రీషియన్ ఫ్యూజులు పీకి, తాళమేసి, నడపొద్దని బోర్డు కడ్తడు. బటన్ నొక్కి, బెల్టు కదుల్తలేదని చూసుకున్నంకనే గొట్టంల చెయ్యి పెడ్తవు."

అక్షరం పొల్లుపోలేదు. కానీ అవన్నీ చేస్తే అరగంట పడుతుంది. బయట వ్యాగన్లు నిలబడి ఉన్నాయి, సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మొగిలి బెల్టు పక్కన కట్టిన తాడు మాత్రం గుంజి, గడ్డపార పట్టుకుని గొట్టంలో పొడిచాడు.

"కాకా, ఫ్యూజు?"

"గదంతా పెద్ద పనులకురా. గింత దానికి తాడు చాలు."

అయిదు నిమిషాల్లో బొగ్గు దిగింది. అరవింద్ మళ్లీ ఏమీ అడగలేదు.

మూడో షిఫ్టులో గొట్టం మళ్లీ మూసుకుపోయినప్పుడు మొగిలి పక్కన లేడు. పిల్లగాడు హుషారుగా ఉన్నాడు కదా అని చాయ్ తాగడానికి క్యాంటీన్‌కు పోయాడు. అరవింద్ తాడు గుంజి, గడ్డపార అందుకున్నాడు. అవతలి కొసన ఊడ్చేవాడెవరో ఎవరో పొరపాటున తాడు లాగారనుకుని, తాడు స్విచ్‌ను మళ్లీ సరిచేసి, బెల్టు నడపమని కంట్రోల్ రూముకు చెప్పాడు. బెల్టు నడిపే ముందు సైరన్ మోగిందట. పక్కనున్న బొగ్గు నలిపే క్రషర్ మోతలో అరవింద్‌కు వినబడలేదు. బెల్టు కదిలి గడ్డపారను గుంజింది. కుడిచెయ్యి గడ్డపారకూ గొట్టం అంచుకూ మధ్య నలిగి, రెండు వేళ్లు పోయాయి.

మర్నాడు ఆఫీసులో దేశ్‌ముఖ్ సారు మొగిలిని అడిగాడు. "నువ్వు సరిగ్గా నేర్పావా?"

"నేర్పిన సార్. రెండో షిఫ్టుల నోటితోటి అంతా చెప్పిండు."

అది నిజమే. "మరి వాడే తొందరపడ్డాడన్నమాట" అని సారు రాసుకున్నాడు. మొగిలి ఆ కాగితం కింద సంతకం పెట్టాడు. 

మూడు రోజుల తర్వాత ఆస్పత్రికి పోయాడు. అరవింద్ నిద్రపోతున్నాడు, చేతికి పెద్ద కట్టు. తల్లి కాంతమ్మ లేచి తన స్టూలు అతని వైపు జరిపింది.

"కూసో అన్నా. మావోడు ఇంటికొస్తే నీ ముచ్చటే. మొగిలి కాక జెర కూడ కోపం చెయ్యడు, అన్నీ ఇడమరిచి చెప్తడు అంటుండె. వీనికే తొందరెక్కువ. సార్లకు గూడ గదే చెప్పిండు, తప్పు నాదే అని."

మొగిలి కూర్చోలేకపోయాడు. రెండో షిఫ్టులో తాను చేసింది చెప్పబోయి ఆగిపోయాడు. మందులు తెస్తానని చెప్పి మెట్లు దిగి, మందుల దుకాణం దాటి, సైకిలెక్కి వాషరీకి పోయాడు.

"సార్, వాడు తొందరపడలె. నేను చేసిందే చేసిండు. ముందు దినం నేను గట్లనే ఫ్యూజు పీకకుండ గడ్డపార పెట్టిన. వాడు అడిగిండు గూడ. నేనే వద్దన్న. మూడో షిఫ్టుల నేను చాయ్‌కి పోయిన."

 సారు కొత్త కాగితం తీసి, మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నాడు. మొగిలికి నెల రోజుల సస్పెన్షన్ పడింది. అరవింద్ తప్పు లేదని రికార్డులో మార్చారు.

సారుకు చెప్పిన సాయంత్రమే మొగిలి తిరిగి ఆస్పత్రికి పోయి, వరండాలో కాంతమ్మకు అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"మూడు దినాలు నా కొడుకు తప్పని ఊరంతా అనుకున్నరు" అంది. "నువ్వు గూడ అనుకోనిచ్చినవ్."

కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. మొగిలి వరండాలోనే నిలబడ్డాడు. కాసేపటికి లోపలి నుంచి అరవింద్ గొంతు, "ఎవరమ్మా?" అని.  మొగిలి చెప్పులు తీసి గుమ్మం బయట పెట్టి, "నేనేరా" అంటూ లోపలికి నడిచాడు.