వత్తి లేని కొవ్వొత్తులు

పదిహేనుమంది పిల్లలు పేర్లిస్తేనే కాలేజీలో నా ఐచ్ఛిక పేపర్ ఉంటుందని ప్రిన్సిపాల్‌గారు ముందే తేల్చి చెప్పారు.

"మీ మీద నాకేం కోపం లేదమ్మా. పిల్లలు రాకపోతే గోడలకి పాఠం చెప్పించలేను కదా" అన్నారు.

పన్నెండేళ్ళు ఇంట్లో ఉండి, ఏడాది ఒప్పందం మీద కామర్స్ చెప్పడానికి చేరినదాన్ని నేను. నా పేపర్ ఉంటే వచ్చే ఏడాది నేనూ ఉంటాను. లేకపోతే మళ్ళీ వంటింట్లోంచి గేటు దాకా, గేటు నుంచి వంటింట్లోకి. గురువారం పదకొండున్నరకి రెండో సంవత్సరం పిల్లలకి ఒక్క పరిచయ క్లాసు తీసుకోవాలి. అది విని, నచ్చితే శనివారం సాయంత్రంలోగా పేరు రాస్తారు.

పేపర్ పేరు 'చార్టులు చదవడం'. షేర్ల చార్టులు చూపిస్తే పిల్లలు జడుసుకుంటారని కూరగాయల ధరలు తీసుకున్నాను. మా వదిన, అంటే మా ఆయన అక్క, హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో ఒక మండీలో గుమస్తా. ఇరవై ఏళ్ళుగా అక్కడి వేలం పుస్తకం ఆమె చేతిరాతే. యజమానిని అడిగి, కిందటి నెల టమాటా పేజీలకి నాకు ఫొటోలు తీసిచ్చింది. వాటిని చూసి ఇరవై ఆరు రోజుల చార్ట్ గీశాను. పన్నెండు పేజీల ప్రసంగం రాసుకున్నాను.

బుధవారం మార్కెట్‌కి సెలవు. వదిన మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చింది. తిన్నాక, బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి చార్ట్ పరిచాను. మా ఆయన కుర్చీ వెనక్కి వాల్చుకుని, "కానీ, నేనూ ఒక స్టూడెంట్‌ననుకో" అన్నారు. ఆయన కళ్ళు అప్పటికే మూతపడుతున్నాయి.

నేను చదవడం మొదలుపెట్టాను.

"ఈ చార్టులో ఒక్కో కొవ్వొత్తి ఒక్కో రోజు. లావుగా ఉన్న భాగానికి రెండు అంచులున్నాయి. ఒకటి ఆ రోజు మొదటి ధర, ఇంకోటి ఆఖరి ధర. మొదటిదానికంటే ఆఖరిది ఎక్కువైతే ఆకుపచ్చ రంగు వేస్తాం, తక్కువైతే ఎరుపు. మధ్యలో ధర ఆ రెండింటినీ దాటి పైకి వెళ్ళొస్తే పైన సన్నటి గీత, కిందికి వెళ్ళొస్తే కింద సన్నటి గీత. ఆ గీతని వత్తి అందాం."

"బాగుందే పంతులమ్మా" అంది వదిన. చార్ట్‌ని తనవైపు తిప్పుకుంది. "ఇరవై ఆరూ ఎర్రగానే ఉన్నాయేం?"

"రోజూ ధర పడిందన్నమాట వదినా."

"రోజూ పడితే, నెలాఖరుకి నా టమాటా పెట్టెకి నూట యాభై ఎలా పెరిగిందే?"

దానికి నా దగ్గర జవాబుంది. నాలుగో పేజీ అంతా అదే. "పొద్దున కొనేవాళ్ళు ఎగబడతారు, ధర ఎక్కువతో మొదలవుతుంది. పోను పోను అమ్మేవాళ్ళు సరుకు వదిలించుకోవాలని తగ్గిస్తారు. మర్నాడు మళ్ళీ ఎక్కువతో మొదలు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? సాయంత్రం బండి దగ్గర నేను చవగ్గా కొంటాను కదా!"

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా! నీది తోపుడుబండి. నాది వేలం. మా దగ్గర ఐదింటికి పాట మొదలైతే ఎనిమిదికల్లా నేల ఊడుస్తారు. సాయంత్రం ఎక్కడినుంచి వచ్చింది?" మళ్ళీ చార్ట్ మీదికి వంగింది. "అది సరే, వత్తులన్నావు. వత్తులేవీ?"

నేనూ వంగి చూశాను. మొదటి కొవ్వొత్తికి లేదు. రెండోదానికి లేదు. వేలు పెట్టి చివరిదాకా చూసుకుంటూ పోయాను. ఒక్కదానికీ వత్తి లేదు. ఇరవై ఆరు రోజులూ మొదటి ధరే ఆ రోజుకి అన్నిటికంటే ఎక్కువ, ఆఖరి ధరే అన్నిటికంటే తక్కువ. చార్ట్ గీసేటప్పుడు చక్కగా వచ్చాయనుకుని మురిసిపోయాను కూడా.

"వదినా, పుస్తకంలో మొదటి వరసలో ఉన్నది, ఆ రోజు మొదట పాడిన ధరేనా?"

"కాదు. ఆ గోలలో వరస ఎవరు చూస్తారు? పాట అంతా అయ్యాక చీటీలు సర్ది రాస్తాను. ముందు మొదటి రకం, తర్వాత రెండో రకం, ఆఖర్న మెత్తబడ్డవి. రకంలోనూ ఎక్కువ ధర పైన. అలా ఉంటే యజమానికి చూసుకోవడం తేలిక."

ఇంకేం అడగను? నేను తెల్లవారి ధర అనుకున్నది మంచి కాయ ధర. ఆఖరి ధర అనుకున్నది మెత్తబడిన కాయ ధర. ఒకే రోజు పక్కపక్కన ఉన్న రెండు పెట్టెల తేడాని పొద్దుటికీ ముగింపుకీ మధ్య పతనంగా గీసేశాను. పన్నెండు పేజీలూ దాని మీదే నిలబడ్డాయి.

"అయితే ఏమైంది?" అన్నారు మా ఆయన, కళ్ళు తెరవకుండానే. "చార్ట్ ఎలా చదవాలో చెప్పడమే కదా నీ పని. అంకెలు ఏవైతేనేం? ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రేపటి క్లాసు, శనివారం పేర్లు, వచ్చే ఏడాది ఉద్యోగం, అన్నీ ఆ మాటలోనే భద్రంగా ఉన్నాయి.

"నాకు తెలుసు కదరా" అంది వదిన తమ్ముడితో. నావైపు తిరిగి, "రేపు నాలుగున్నరకి లేస్తావా?" అంది.

మర్నాడు ఐదింటికి మండీలో తిరగేసిన పెట్టె మీద కూర్చున్నాను. వదిన ఒకటే చెప్పింది: "మొదటి రకం టమాటా తప్ప దేనివైపూ చూడకు. వంకాయ నిన్ను పిలిచినా పలకకు." పాట పాడే పెద్దాయన గొంతు ఎంత వేగంగా పోయిందంటే, మొదటి పది నిమిషాలు నాకు అంకెలే వినపడలేదు. వదిన పక్కనుంచి మోచేత్తో పొడుస్తూ చెప్పింది. మొదటి పెట్టెలు నాలుగువందల ఇరవై. ఇంకో లారీ దిగగానే నాలుగువందలు. తర్వాత ఒక హోటల్ మేనేజరు, ఒక హాస్టల్ కాంట్రాక్టరు పంతం పట్టుకుంటే నాలుగువందల ఎనభై. చివరికి నాలుగువందల అరవై. నా చేతిలో కాగితం చూసి ఒక చిల్లర వ్యాపారి తన లెక్కలు దాచుకోబోయాడు.

"భయపడకయ్యా, అధికారి కాదు, మా మరదలు" అంది వదిన.

"అయితే ఇంకా భయపడాలి" అన్నాడతను.

పదకొండున్నరకి నలభైమంది పిల్లల ముందు నిలబడ్డాను. ఎర్ర చార్టునే గోడకి తగిలించాను. కొవ్వొత్తి అంటే ఏమిటో చెప్పే మొదటి పేజీ చదివాను. తక్కిన పదకొండు పేజీలూ సంచిలోంచి తియ్యలేదు.

"ఇది చూసి ఏం చెబుతారు?"

"పొద్దున అమ్మి, ఆఖర్న కొంటే రోజూ లాభమే మేడమ్" అన్నాడు వెనక బెంచీలో కళ్ళజోడు కుర్రాడు. "నెలలో కారు కొనొచ్చు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "అంత తేలికైతే అక్కడి వాళ్ళంతా కార్లలో తిరగాలి. ఎందుకు తిరగడంలేదు?"

ముందు వరసలో పొడుగు జడ అమ్మాయి చార్ట్ వైపే చూస్తోంది. వాళ్ళకి కూరగాయల కొట్టుంది. "వీటికి వత్తులు లేవు మేడమ్" అంది మెల్లగా. "మా నాన్న ఒక్కోరోజు ఆలస్యంగా వెళ్ళి ఎక్కువకి కొనుక్కొచ్చి తిట్టించుకుంటాడు. ఆ రోజు ఇందులో కనపడటంలేదు."

"కనపడదు. ఎందుకంటే ఈ చార్ట్ తప్పు. గీసింది నేనే."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ప్రిన్సిపాల్‌గారు కనిపించారు. ఇక ఆగితే పాఠమూ ఉద్యోగమూ రెండూ చెడతాయని చెప్పుకుంటూ పోయాను. పుస్తకం ఎలా రాస్తారో, నేను ఏమనుకున్నానో, మా వదిన ఎలా నవ్విందో అన్నీ చెప్పాను. తర్వాత బోర్డు మీద ఆ పొద్దుటి కొవ్వొత్తి ఒక్కటే గీశాను. నాలుగువందల ఇరవై నుంచి అరవై దాకా ఆకుపచ్చ శరీరం, పైన ఎనభై దాకా వత్తి, కింద నాలుగువందల దాకా వత్తి.

"మంచి కాయ మంచి కాయతోనే. మొదటిది నిజంగా మొదటిదే. చార్ట్ చదవడానికి ముందు, ఆ అంకెలు ఎవరు, ఎందుకు, ఏ వరసలో రాశారో అడగాలి. ఈ పేపర్లో మొదటి పాఠం ఇదే."

"దీన్నిబట్టి రేపు పెరుగుతుందా మేడమ్?" అన్నాడు కళ్ళజోడు.

"ఈ ఒక్కటీ ఏమీ చెప్పదు. నెలవి ఉన్నా రేపటి సంగతి ఖాయంగా చెప్పవు. జరిగింది సరిగ్గా చూపిస్తాయి, అంతే."

"మరి సరైన నెల చార్ట్ ఏదీ?"

"లేదు. ఎవరైనా వెళ్ళి రాసుకు రావాలి."

బెల్లు కొట్టారు. ఆరుగురు పేర్లు రాశారు. తక్కినవాళ్ళు క్యాంటీన్ వైపు పరుగెత్తారు. ప్రిన్సిపాల్‌గారు కాగితం చూసి, "తప్పు ఒప్పుకోవడం గొప్పేనమ్మా. దానికి ఎన్ని మార్కులో శనివారం తెలుస్తుంది" అని వెళ్ళిపోయారు.

శుక్రవారం ఐదుంబావుకి వదిన ఫోన్. "ఏమే, మీ కాలేజీ పిల్లలట, తొమ్మిదిమంది, కాటాకి అడ్డంగా నిలబడ్డారు. వచ్చి తీసుకెళ్తావా, ఏదైనా మూల కూర్చోబెడతావా?"

నేను వెళ్ళేసరికి టమాటా పాట అయిపోతోంది. పిల్లలు వదిన బల్ల చుట్టూ మూగి పోట్లాడుకుంటున్నారు.

"ఆఖరి పాట మూడువందల పది. నా చెవులతో విన్నాను" అంటున్నాడు కళ్ళజోడు.

"అది రెండో రకం రా మొద్దూ! అది మన కొవ్వొత్తిలోది కాదు" అంటోంది పొడుగు జడ. "మొదటి రకంలో ఆఖరిది నాలుగువందల నలభై."

"రెండో రకానికి వేరే కొవ్వొత్తి గీద్దాం" అన్నారెవరో.

"మేడమ్, మీరు చెప్పండి!"

"నేనిప్పుడే వచ్చాను. పాట విన్న ఆవిడని అడగండి" అన్నాను.

"మీరు చెప్పండమ్మా" అన్నారు పిల్లలు ఆమెవైపు తిరిగి. వదిన కళ్ళద్దాలు పైకి తోసుకుంది. ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆమెని ఇంత మర్యాదగా ఏదీ అడిగి ఉండరు. "జడ పిల్లే రైటు" అంది. "మీకు కావాలంటే రేపట్నించి టమాటా చీటీల మీద టైము కూడా వేస్తాను. నాకేం పోయింది?"

ఆ తొమ్మిదిమందిలో ఐదుగురి పేర్లు ఇంకా నా కాగితంలో లేవు. అక్కడే, వదిన బల్ల మీదే రాశారు. పదకొండు. శనివారం వీళ్ళు ఇంకెవర్నో లాక్కొచ్చారు. మూడున్నరకి పదహారు పేర్లున్న కాగితం ప్రిన్సిపాల్‌గారి ముందు పెట్టాను.

ఆయన వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టారు. "తెల్లవారి ఐదింటికి క్లాసని టైంటేబుల్లో రాయలేనమ్మా."

"రాయక్కర్లేదు సార్. వాళ్ళే వంతులు వేసుకున్నారు."

"ఎవరైనా నిద్రపోతే?"

"ఆ రోజు ఖాళీగా వదిలేస్తాం సార్. ఊహించి గియ్యం."

ఆయన పెన్ను మూత తీసి సంతకం పెట్టారు.