తొమ్మిది నుంచి పన్నెండు దాకా

పరీక్షలో గడియారాన్ని ఎలా వాడుకోవాలో షియు-వెన్‌కు నేర్పినవాడు పో-కై. తైపేలోని ఆ విశ్వవిద్యాలయంలో తానూ విద్యార్థే అయినా, సమాజశాస్త్ర పరిశోధక విద్యార్థులందరికీ అతనే గురువు. డాక్టరేట్ అర్హత పరీక్షకు పుస్తకాలు తేకూడదు. ఆరు ప్రశ్నల్లో మూడింటికి వ్యాసాలు రాయాలి. మూడింటికీ మార్కులు సమానం, గట్టెక్కడానికి వందకు డెబ్బై రావాలి.

"రెండే అద్భుతంగా రాసినా అరవై ఆరు దాటవు. అర్థమైందా?" అనేవాడు. మొదటి ఇరవై నిమిషాల్లో మూడింటికీ చిత్తు ప్రణాళికలు వేయాలి. ఒక్కోదానికి ఒక వాక్యంలో వాదన, దాన్ని నిలబెట్టే మూడు అంశాలు, ఎదురయ్యే అభ్యంతరం ఒకటి. తర్వాత వ్యాసానికి నలభై ఐదు నిమిషాలు. సమయం అయితే వాక్యం మధ్యలోనైనా ఆపి, ఖాళీ వదిలి ముందుకు పోవాలి. చివర మిగిలే పాతిక నిమిషాలు ఆ ఖాళీలకు.

అతనికిది రెండో ప్రయత్నం. మూడోది ఉండదు.

ప్రశ్నపత్రం చూడగానే షియు-వెన్‌కు పో-కై గురించే భయం వేసింది. రెండో ప్రశ్న ఫ్యాక్టరీ వసతిగృహాల్లోని వలస కార్మికుల గురించి. పో-కై ఆరేళ్లుగా తవ్వుతున్న విషయం అదే. పక్క వరుసలో అతను చిత్తు కాగితం ముట్టకుండా రాయడం మొదలుపెట్టాడు.

ఆమె ప్రణాళికలు వేసుకుంది. తొమ్మిదీ ఇరవైకి మొదలుపెట్టి, పదీ ఐదుకు మొదటి వ్యాసం సగం వాక్యంలో ఆపింది. అతని కలం ఆగలేదు. పేజీలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పదీ యాభైకి రెండోది ఆపి తలెత్తేసరికి అతను ఇంకా అదే వ్యాసంలో ఉన్నాడు. మాట్లాడితే ఇద్దరి పత్రాలూ రద్దవుతాయి. చేసేదేమీ లేక గట్టిగా దగ్గింది.

పో-కై ఆమె వైపు చూశాడు. ముఖం వెలిగిపోతోంది. చిన్నగా నవ్వి మళ్లీ కాగితంలోకి వంగాడు.

పదకొండున్నరకు అతని కలం ఒక్కసారిగా నిలిచింది. గోడ గడియారం చూశాడు. ప్రశ్నపత్రం తిరగేశాడు. ఆ తర్వాత అతను రాసిన చప్పుడు వేరు, గీకినట్టుగా ఉంది. ఆమె తన ఖాళీలు పూరిస్తూ అతనివైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడింది.

పన్నెండుకు పర్యవేక్షకురాలు పత్రాలు తీసుకుంది.

వరండాలో అతనే ముందు మాట్లాడాడు. "మొదటిది రాసినంత బాగా నా జన్మలో ఏదీ రాయలేదు, షియు."

"మరి మిగతా రెండూ, అన్నా?"

"ఒకటి సగం అయింది." కాసేపు గోడకు ఆనుకున్నాడు. "రాస్తుంటే ఎప్పుడాగాలో తెలియలేదు. ఆగితే మళ్లీ అలా రాదనిపించింది."

ఆమె ఓదార్చబోయింది. అతను మాత్రం నూడుల్స్ తిందామన్నాడు. తిన్నంతసేపూ పరీక్ష మాట ఎత్తలేదు.

రెండు వారాలకు జాబితా వచ్చింది. ఆమె పేరుంది, అతనిది లేదు. సాయంత్రం ఆఫీసువాళ్లు అతన్ని పరిశోధకుల గది తాళంచెవి అడిగారు. అతను టేబుల్ ఖాళీ చేస్తుంటే ఆమె పెట్టె పట్టుకుని నిలబడింది. ఒక్కో పుస్తకం ఇస్తూ అతను ఏ అధ్యాయం ఎందుకు బాగుంటుందో చెబుతూనే ఉన్నాడు. ఆపమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.