అద్దాల కోసం

దర్శిలో టీచరుగా చేస్తున్న లిడియా కారు కొని ఏడాది కూడా కాలేదు. రిమోట్ నొక్కితే అద్దాలన్నీ మూసుకునే సౌకర్యం అందులో దాగి ఉందనీ, కంపెనీ దాన్ని ఆపేసిందనీ విని, దాన్ని ఆన్ చేయించడానికి కారును ఎలక్ట్రీషియన్ ప్రభు షెడ్డుకు తెచ్చింది.

ప్రభు స్టీరింగ్ కింది సాకెట్‌కు లాప్‌టాప్ కలిపి, పాత సెట్టింగులు సేవ్ చేసుకుని, కొత్తవి రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో బ్యాటరీ వోల్టేజీ పడిపోయింది. స్టీరింగ్ ముందున్న మీటరు ఆరిపోయింది. తాళాలూ లైట్లూ పనిచేయలేదు.

"ఏమైందండీ?" లిడియా గడియారం చూసుకుంది. మధ్యాహ్నం అత్తగారు పుల్లమ్మను ఒంగోలులో డయాలసిస్‌కు తీసుకెళ్లాలి.

"లైట్లూ తాళాలూ నడిపే మాడ్యూల్ పలకట్లేదమ్మా. బ్యాటరీకి ఛార్జర్ పెట్టకుండా మొదలుపెట్టాను."

"పాడైతే వారంటీలో మారుస్తారా?"

"మనం కెలికామని తెలిస్తే మార్చకపోవచ్చు."

ప్రభు బ్యాటరీకి ఛార్జర్ తగిలించాడు. వోల్టేజీ నిలబడ్డాక మళ్లీ ప్రయత్నించాడు. జవాబు లేదు. లిడియా కళ్లు మూసుకుని ప్రార్థించింది. చాలాసేపటికి మాడ్యూల్ పలికింది. ప్రభు పాత సెట్టింగులే తిరిగి రాశాడు. ఇంజను స్టార్టయింది.

"మార్చిన జాడ లోపల మిగిలి ఉండొచ్చమ్మా. షోరూములో చూస్తే తెలిసిపోవచ్చు," అన్నాడు.

ఒంగోలు దారంతా ఏ హెచ్చరిక దీపం వెలుగుతుందోనని లిడియా మీటరు వైపే చూసింది. "ఎందుకే అంత బిగుసుకుపోయావు?" అని పుల్లమ్మ అడిగితే, "ఏం లేదత్తయ్యా," అంటూ స్విచ్ నొక్కి అద్దాలు మూసింది.