మూడో లైన్లో పోయిన మూడు

...తొమ్మిదేళ్లుగా ఆ మూడు పోయిన సంగతి ఎవరికీ కనపడలేదా, కనపడినా తన మొహం చూసి ఊరుకున్నారా? మొదటిదైతే అందరూ మొద్దులే. రెండోదైతే మొద్దు తనొక్కడే.

పిల్లలు చాటుగా ‘నెక్స్ట్ సార్’ అనుకునే ఆ లెక్కల లెక్చరర్ ఎదుట, స్టాఫ్ రూమ్‌లో, ఒకమ్మాయి మళ్లీ దిద్దమంటూ తన జవాబు పత్రం పరిచి నిలబడింది. లాప్లాస్ ప్రశ్నకు అతను సున్నా వేశాడు. ఆ పది మార్కులు లేకపోతే ఆమె సబ్జెక్టు రెండోసారీ పోతుంది.

ప్రశ్న అతను ఏటా క్లాసులో తెరమీద చూపే స్లైడ్‌లోదే: y″ + 3y′ + 2y = 0; y(0) = 1, y′(0) = 0.

“స్లైడ్ చూశావా?”

“చూశాను సార్. మూడో లైన్లో ఆగిపోయాను. y′ని లాప్లాస్‌లోకి మారిస్తే sY − y(0) కదా. ముందున్న మూడుతో గుణిస్తే 3sY − 3. స్లైడ్‌లో 3sY ఒక్కటే ఉంది.”

“t సున్నా పెట్టు. స్లైడ్ జవాబు సరిగ్గా ఒకటి ఇస్తుంది.”

“ఇస్తుంది సార్. డెరివేటివ్ తీసి పెడితేనే మైనస్ మూడు వస్తోంది. సున్నా రావాలిగా.”

ఆమె గొంతులో పొగరు లేదు. ఉంటే బాగుండేది, కసురుకోవడానికి వీలుండేది. స్లైడ్‌లో −e⁻ᵗ + 2e⁻²ᵗ. ఆమె కాగితంలో 2e⁻ᵗ − e⁻²ᵗ. వేలితో బల్లమీద రాసుకుని చూశాడు. ఆమెది ప్రశ్నలో ఇచ్చిన రెండు షరతులకూ సరిపోయింది.

అయినా అతని కళ్లు కాగితంలో ఇంకేదైనా తప్పు కోసం వెతుకుతూనే ఉన్నాయి. అది గమనించి తనమీద తనకే రోత పుట్టింది. స్లైడ్ తయారుచేసినరోజు మొదటి షరతు సరిపోగానే చాలనుకున్నాడు. రెండోది చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఏటేటా ఎవరైనా చెయ్యెత్తితే ‘స్లైడ్‌లో ఉంది, నెక్స్ట్’ అన్నాడు. ఒకసారి వెనక బెంచీ కుర్రాడొకడు మూడో లైనంటూ లేచి, క్లాసంతా నవ్వితే కూర్చున్నాడు. ఆ నవ్వు మొదలుపెట్టింది తనే. ఆ కుర్రాడి మొహం గుర్తుకు రావడంలేదు.

పక్క బల్లనుంచి డిపార్ట్‌మెంట్ హెడ్ తల ఎత్తకుండానే అన్నాడు.

“మీరిచ్చిన జవాబుల కీ ప్రకారం పోండి మాస్టారూ. ఇప్పుడు కీ తప్పంటే ఆ బ్యాచ్ పేపర్లన్నీ మళ్లీ దిద్దాలి. మీ స్లైడ్ బట్టీపట్టి పదికి పది కొట్టినవాళ్లు ఊరుకుంటారా?”

“ఊరుకోరు,” అన్నాడతను.

“మరింకేం. ‘మార్పు లేదు’ అని సంతకం పెట్టేయండి.”

అమ్మాయి ఈ మాటకోసమే సిద్ధపడి వచ్చినట్టు కాగితం అంచులు సర్దుకుంటోంది. ఆ సిద్ధపాటు తను నేర్పిందే. తొమ్మిదేళ్లలో తను పూర్తిగా నేర్పిన పాఠం అదొక్కటేనేమో.

“కాగితం అలాగే ఉంచమ్మా,” అన్నాడు.

ఎర్ర పెన్ను మూత తీసి, సున్నాను అడ్డంగా కొట్టేశాడు.