సత్యారావు చివరి భోజనాలు

నూతిగట్టు పక్కన గొంతుక్కూర్చుని దేముడమ్మ గిన్నెలు తోముతోంది. కొబ్బరిపీచుతో బూడిద అద్ది, అడుగంటిన కారాన్ని గీకి గీకి వదిలిస్తోంది. ఆ గిన్నెల్లో ఒక్కటి కూడా ఆమెది కాదు. మూతికి సొట్ట పడ్డది చిన్నమ్మిది. చెవులున్న ఇత్తడిది అచ్చియ్యమ్మది. అడుగున పేరు చెక్కించుకున్నది బంగార్రాజు పెళ్ళాంది. ఊళ్ళో ఎవరింట్లో ఏ గిన్నె ఉందో ఇప్పుడు దేముడమ్మకి తెలిసినంతగా ఆ ఇళ్ళవాళ్ళకి కూడా తెలియదు.

దేముడమ్మ మొగుడు సత్యారావు చచ్చిపోతున్నాడు. నెలరోజులుగా, అన్నం తిన్నప్పుడల్లా చచ్చిపోతున్నాడు.

చెరకు నరికే కాలం వచ్చిందగ్గర్నించీ మొదలైంది ఈ బాధ. ముద్ద దిగిన కాసేపటికి ఎడమ వైపు, డొక్క ఎముకల కింద, ఎవరో నిప్పు కణిక పెట్టి ఊదినట్టు మంట. చెయ్యి అక్కడ అదిమిపెట్టుకుని మంచం మీద వంకర తిరిగిపోతాడు. మొదటిసారి అలా వంకర తిరిగిన రోజు అతని చిన్నాన్న పెదబాబు అక్కడే ఉన్నాడు. అదీ అసలు చిక్కు. పెదబాబుకి తెలియని విషయం ఈ చోడవరం చుట్టుపక్కల లేదు.

"ఎడం పక్కేనా?" అన్నాడు పెదబాబు.

"ఎడం పక్కే సిన్నాన్నా."

"అయితే గుండె. కుడి పక్కయితే కార్జం. ఎడం పక్కయితే గుండె. మా బావమరిది ఇలాగే పట్టుకున్నాడు, ఇలాగే పోయేడు," అని పెదబాబు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ బావమరిది తాటిచెట్టు మీంచి పడి పోయాడని అందరికీ తెలుసు. కానీ కళ్ళు ఒత్తుకుంటున్న మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆ రోజునుంచీ సత్యారావు మంచాన్ని ఎడమ వైపు గోడకి ఆనించారు, గుండెకి గాలి తగలకుండా. కుడి దవడతోనే నమలమన్నారు, అన్నం కుడి పక్కనుంచి దిగి గుండెని తాకకుండా పోతుందని. బండెక్కించడానికి వీల్లేదన్నారు, కుదుపుకి గుండె తెగిపోతుందని. ఆసుపత్రి మాట ఎత్తగానే పెదబాబు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఉన్న నాలుగు రోజులూ మనసారా తిననీండ్రా. కోరిక తీరకుండా పోతే ఆడు ఈ సూరు కిందే తిరుగుతాడు."

ఇక ఊరంతా కోరికలు తీర్చడానికి కట్టకట్టుకుని వచ్చింది. "ఏటి తినాలనుంది బాబూ?" అని అడగడం, సత్యారావు కళ్ళు మూసుకుని నీరసంగా ఓ కూర పేరు చెప్పడం. మొదట్లో సిగ్గుపడి చెప్పేవాడు. తరవాత్తరవాత, "ఎండురొయ్యలూ వంకాయా అచ్చియ్యమ్మ బాగా సేస్తాది. నువ్వు పండుమిరప పచ్చడి తే," అని ఎవరి చేతి వంట వాళ్ళకి పంచిపెట్టడం అలవాటు చేసుకున్నాడు. చావబోయే మనిషికి చప్పిడి కూర ఎవరు తెస్తారు? ఎవరికి వాళ్ళు రెండు పిడికిళ్ళ మిరపకాయలు ఎక్కువే వేసి తెచ్చారు.

అతను తింటాడు. మంట వస్తుంది. వంకర తిరుగుతాడు. వాకిట్లో కూచున్నవాళ్ళు, "ఇదిగో, ఇదే ఆఖరు," అంటారు. పొద్దు వాలేసరికి మంట తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ ఎవరో ఒకరు గిన్నెతో దిగుతారు.

ఎవరి గిన్నెనీ ఖాళీగా తిప్పి పంపకూడదు. అందుకని దేముడమ్మ తోమిన ప్రతి గిన్నెలోనూ ఓ బెల్లం ముక్క వేసి పంపుతోంది. అటకమీది బెల్లం కుండ అడుగుకి వచ్చింది. దాని గురించి ఆమెకి బెంగ లేదు. మనిషే తగ్గిపోతున్నాడు. మొలతాడు వదులైంది. దవడలు లోపలికి పోయాయి. పోతాడా, ఉంటాడా? గిన్నె తోమినంతసేపూ ఆమె మనసులో అదొక్కటే తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే కట్టు తెంపుకున్న గిత్త పెరట్లోంచి చెరకుతోట వైపు దౌడు తీసింది.

"ఓలమ్మా, గిత్త!" అని దేముడమ్మ అరిచింది.

ఆమె లేచేలోపల మంచం మీంచి సత్యారావు లేచాడు. పంచె ఎగ్గట్టాడు. గోడ దూకాడు. గిత్త వెనకాల రెండు మళ్ళు దాటి, కాలవ గట్టెక్కి, దాని పగ్గం దొరకబుచ్చుకుని, అది గుంజుతుంటే తనూ గుంజుకుంటూ లాక్కొచ్చి గుంజకి కట్టేశాడు. ఒళ్ళంతా చెమట. వాకిట్లో కూచున్న చుట్టాలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ళని చూడగానే అతనికి సంగతి గుర్తొచ్చింది. మెల్లిగా వెళ్ళి, గోడవైపు తిరిగి, మళ్ళీ చచ్చిపోవడానికి పడుకున్నాడు.

దేముడమ్మ దగ్గరికి వెళ్ళింది. "ఏటి, పరిగెట్టినప్పుడు నొప్పొచ్చిందా?"

"రాలేదు."

"గిత్తని గుంజినప్పుడు?"

"రాలేదే. కూడు తిన్నాకే వస్తాది కదా."

దేముడమ్మ నూతి దగ్గరికి నడిచింది. చేతికున్న బూడిద కడుక్కుని, బండి కట్టమని పాలేరుకి చెప్పింది. పెదబాబు అడ్డం వచ్చాడు. "కుదుపుకి పోతాడే, నా మాటిను!"

"గోడ దూకితే పోనోడు బండెక్కితే పోతాడేటి మావయ్యా?" అంది దేముడమ్మ. పెళ్ళయి వచ్చాక పెదబాబుకి ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ దెబ్బకి పెదబాబు కూడా బండెక్కి కూచున్నాడు, దారిలో పోతే నోట్లో నీళ్ళు పొయ్యడానికి చెంబు పట్టుకుని.

చోడవరం ఆసుపత్రిలో డాక్టరు వేంకటరమణమూర్తి గారు సత్యారావుని బల్లమీద పడుకోబెట్టారు. గొట్టం గుండెమీద పెట్టి చాలాసేపు విన్నారు. నాడి చూశారు. తరవాత పొట్ట మీద వేళ్ళతో అక్కడా ఇక్కడా నొక్కుకుంటూ వచ్చారు. ఎడమ డొక్క కింద నొక్కగానే సత్యారావు "అబ్బా" అన్నాడు.

"అదే గుండె!" అన్నాడు పెదబాబు.

"గుండె పైన, రొమ్ములో ఉంటుందయ్యా. ఇది పొట్ట. తిన్న అన్నం చేరే సంచీ ఎక్కువ భాగం ఈ ఎడమ వైపే, డొక్క ఎముకల చాటున ఉంటుంది," అన్నారు డాక్టరు. "ఎప్పుడొస్తుంది నొప్పి? నడిచినా, బరువు మోసినా వస్తుందా?"

దేముడమ్మ గిత్త సంగతి చెప్పింది. డాక్టరు గారు చెవులప్పగించి విన్నారు.

"మంచి మాట చెప్పేవమ్మా. గుండె నొప్పయితే సాధారణంగా ఒళ్ళు అలిసినప్పుడు పట్టుకుంటుంది. ఇది తిన్నాక వస్తోంది. మాత్రలేమైనా వాడుతున్నాడా?"

సత్యారావు రొండిన దోపుకున్న పొట్లం తీశాడు. కొట్లో దొరికే తలనొప్పి బిళ్ళలు. చెరకు నరికే ఎండలో తలపోటుకి మొదలెట్టాడు. పొద్దున్నే పరగడుపున చిక్కటి టీతో ఒకటి. ఈ డొక్క నొప్పి వచ్చాక రెండు. నొప్పి మరీ ఎక్కువైతే మూడు.

"నొప్పి తగ్గుతాదని నానే తెచ్చి యిచ్చేను," అన్నాడు పెదబాబు గొప్పగా.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి పెదబాబు వైపు చూశారు. తరవాత సత్యారావు ముంజేయి పట్టుకుని పైకెత్తారు. దానినిండా చెరకాకు కోసిన గీతలు.

"దీని మీద ఉప్పూ నిమ్మకాయా పిండితే ఎలా ఉంటుంది?"

"సచ్చిపోతాను బాబూ."

"నీ కడుపు లోపల అదే జరుగుతోంది. అన్నం అరగడానికి కడుపులో పుల్లటి ఆమ్లం ఊరుతుంది. అది కడుపునే కాల్చకుండా లోపలి పొర మీద జిగురు కాపలా ఉంటుంది. ఈ బిళ్ళలు ఆ కాపలాని తీసేస్తాయి. పొర రేగి, ఎర్రబడి, వాచిపోతుంది. నువ్వు తినగానే ఆమ్లం ఊరుతుంది, పైనించి నీ కారం పడుతుంది. మండక ఏం చేస్తుంది? గేస్ట్రైటిస్ అంటాం."

"మరి కుడి దవడతో నమిలిస్తన్నాం కదండీ?" అన్నాడు పెదబాబు.

డాక్టరు గారు బీరువాలోంచి తెల్లమందు సీసా తీసి సత్యారావు చేతిలో పెట్టారు.

"లోపలికి తొంగి చూడలేను గనక ఇదేనని ఒట్టు వెయ్యను. కానీ లక్షణాలన్నీ అలాగే ఉన్నాయి. ఆ బిళ్ళలు మానెయ్. టీ, చుట్ట, కారం, పులుపు కట్టిపెట్టు. కొంచెం కొంచెంగా మెత్తటి అన్నం, పలచటి మజ్జిగ, చప్పిడి పప్పు. అన్నం తిన్నాక ఈ తెల్లమందు తాగు, ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. నెత్తురు కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా, రొమ్ములో నొప్పి పుట్టి చేతికి పాకినా ఆలస్యం చెయ్యకుండా పట్నం తీసుకుపోండి. పదిరోజుల్లో తగ్గకపోతే మళ్ళీ రండి, ఎక్స్‌రేకి రాస్తాను."

"అయితే ఈడు పోడా?" అన్నాడు పెదబాబు.

"ఎప్పుడో ఒకప్పుడు అందరం పోతాం. దీంతో పోనక్కర్లేదు."

తిరుగుబండిలో పెదబాబు చెంబులో నీళ్ళు తనే తాగేశాడు.

ఊరికి ఈ వార్త మింగుడుపడలేదు. నెలరోజులు కూరలు మోసినవాళ్ళు, "పోడట!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చిన్నమ్మి పచ్చడి గిన్నెతో వస్తే దేముడమ్మ గుమ్మంలోనే నిలబడి, "వద్దు పిన్నీ," అంది. "ఒకరి చేతి ముద్ద కాదనే రోజులొచ్చేయి," అని చిన్నమ్మి వీధి చివరిదాకా వినబడేలా అనుకుంటూ పోయింది. ఆ రాత్రి దేముడమ్మకి ముద్ద దిగలేదు. అయినా మర్నాడు అచ్చియ్యమ్మ గిన్నెనీ గుమ్మంలోనే ఆపింది. సత్యారావు మజ్జిగన్నం ముందు కూచుని, జైల్లో ఉన్నవాడిలా గుమ్మం వైపు చూసేవాడు.

మూడోనాటికి మంట సగమైంది. వారానికి వచ్చీ రానట్టయింది.

సరిగ్గా ఆ వారంనాడు వడ్డాదినుంచి సత్యారావు అక్క పైడితల్లి బస్సు దిగింది. కబురు ఆలస్యంగా అందింది. బస్సులో ఏడుస్తూ, ఒళ్ళో కుండ పట్టుకుని వచ్చింది. కుండనిండా కొర్రమీను పులుసు.

"ఒరే తమ్ముడా! నా సేతి పులుసు తినకుండా పోతావేట్రా!"

"నాను పోవటం నేదక్కా," అన్నాడు సత్యారావు నేరం చేసినవాడిలా.

"ఊరుకోరా, నాకు తెలుసు. పోయేవోళ్ళందరూ అలాగే అంటారు."

ఏడుపు విని వీధి వీధంతా వచ్చింది. పెదబాబు ముందు వరసలో కూచున్నాడు. మజ్జిగన్నం ముందు కూచున్న సత్యారావు ఎదట పైడితల్లి కుండ మూత తీసింది. ఎర్రటి నూనె తేలుతోంది. ఆ వాసనకి సత్యారావు గొంతులో గుటక పడడం దేముడమ్మకి కనబడింది. చెయ్యి ఆ వైపు కదలడం కూడా కనబడింది.

ఆడబిడ్డ తెచ్చింది కాదంటే ఈ గుమ్మం మళ్ళీ తొక్కదు. తిననిస్తే ఈ వారం పడ్డ పాటంతా బూడిదలో పోసినట్టే. దేముడమ్మ వెళ్ళి మొగుడి పక్కన చతికిలబడింది. కుండ తన ఒళ్ళోకి లాక్కుంది.

"వదినా, ఆయన తన కోరిక నాకిచ్చేసేడు. ఆయన బదులు నాను తింటాను."

అని కంచంలో అన్నం మీద పులుసు కుమ్మరించుకుని తినడం మొదలెట్టింది. పైడితల్లి కారానికి పేరు పడ్డ మనిషి. నాలుగో ముద్దకి దేముడమ్మ కళ్ళంట నీళ్ళు ధారగా కారాయి. ముక్కు ఎర్రబడింది. ఆగలేదు.

"సూడు, మొగుడి కోసం ఎలా ఏడుస్తందో," అంది అచ్చియ్యమ్మ పక్కావిడతో.

సత్యారావు నోరు తెరిచి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కంచం వైపు చూశాడు. తరవాత తల దించుకుని, తన ముందున్న మజ్జిగన్నం ముద్ద ముద్దగా, రెండు దవడలతోనూ నమిలి తిన్నాడు. తెల్లమందు తాగి మూతి తుడుచుకున్నాడు.

అందరూ ఎదురుచూశారు. పెదబాబు మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని ముందుకి వంగాడు. పైడితల్లి ఏడుపుకి సిద్ధంగా కొంగు పట్టుకుంది. గోడమీది కాకి కూడా కదల్లేదు. సత్యారావు ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టుకుని తనూ ఎదురుచూశాడు.

"వచ్చిందేట్రా?" అన్నాడు పెదబాబు చివరికి.

సత్యారావు డొక్క మీది చెయ్యి తీసి చూసుకున్నాడు. వాకిట్లో వరసగా కూచున్న మొహాలన్నీ ఒకటొకటిగా చూశాడు. "రాలేదు సిన్నాన్నా," అన్నాడు. లేచి, పంచె సర్దుకుని, వాళ్ళ మధ్యనుంచి మోకాళ్ళు తగలకుండా ఒద్దికగా దారి చేసుకుంటూ, వీధిలోకి దిగి, చెరకుతోట వైపు నడిచి వెళ్ళిపోయాడు.