పెట్టె ధర

...అయినా మరదలు శ్రీవాసవి ముందు అడిగింది తననే కదా. చిన్నల్లుణ్ణి కాదు. ఆ ఒక్క మాటను సోమశేఖర్ కర్నూలు నుంచి డోన్ దాకా బండి మీద నములుతూనే ఉన్నాడు. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన కంప్యూటరు పెట్టె గుంత వచ్చినప్పుడల్లా వీపుకు తగిలి, ముందు నిన్నే, ముందు నిన్నే అని గుర్తు చేస్తున్నట్టుంది.

ఒకప్పుడు అత్తింట్లో ఏది చెడిపోయినా అతనికే ఫోను. టీవీలో బొమ్మ రాకపోయినా, మిక్సీ వాసన కొట్టినా, మామ వెంకటరమణయ్య ఫోనులో అక్షరాలు చిన్నవైపోయినా, "పెద్దల్లుణ్ణి అడుగు" అనేవారు. కంప్యూటర్లు బిగించే చిన్న అంగడి తనది. తెలిసినవాడని అత్తింట్లో ఉన్న ఆ పేరే అతని అసలు ఆస్తి. రెండేళ్ళ కింద ఆ ఇంటి రెండో అమ్మాయికి పెళ్ళయింది. తోడల్లుడు రాఘవేంద్రప్రసాద్‌కు కడపలో అద్దాల షోరూం ఉంది. టీవీలు, ఫ్రిజ్‌లు, ఆటల కన్సోళ్ళు అమ్ముతాడు. ప్రశ్నలన్నీ మెల్లగా కడప దారి పట్టాయి. ఒంటిమిట్ట కల్యాణానికి అందరూ కలిసి పోయినప్పుడు కారు ముందు సీటు తోడల్లుడిది. అత్త అలివేలమ్మ అతనికి కాఫీ కలిపి, "నువ్వు తాగేది టీనే కదప్పా" అని తనకు గ్లాసు అందించింది. తను తాగేది టీనే. అయినా అడిగి ఉండాల్సింది.

అందుకే ఆ ఇంటి మూడో అమ్మాయి శ్రీవాసవి, "బావా, ఆటలకు కన్సోల్ తీసుకోనా, అదే ధరకు కంప్యూటర్ తీసుకోనా? ఏది ఎక్కువేండ్లు వస్తాది?" అని అడగ్గానే అతని నోట కంప్యూటర్ అన్న మాట వచ్చేసింది. ఎందుకంటే కన్సోల్ కొంటే అది కడప నుంచి వస్తుంది. అంతకు మించి ఆ క్షణంలో అతను ఏమీ ఆలోచించలేదు.

తర్వాత కారణాలు పేర్చాడు. కన్సోల్‌లో నెట్టు మీద ఆడాలంటే ఏటేటా చందా కట్టాలి, కంప్యూటర్‌కు అక్కర్లేదు. కంప్యూటర్ ఆటలు తగ్గింపుల్లో శానా చవగ్గా దొరుకుతాయి. పాతబడితే ముక్క తీసి ముక్క వేసుకోవచ్చు. వేరే పనులకూ పనికొస్తుంది. అన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటీ లేదని దారంతా తనకు తాను చెప్పుకున్నాడు.

డోన్‌లో అత్తగారిల్లు సరుకుల అంగడి పైన. శ్రీవాసవి మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. నాలుగు అంగళ్ళకు జీఎస్టీ లెక్కలు చూసి, ఆ సంపాదనలోంచి కూడబెట్టుకున్న పిల్ల. అడిగి కొనిపించుకోవడం ఇష్టం లేదు.

"ఏం బావా, పెండ్లికూతుర్ని తెచ్చినట్టు తెస్తాండావు! దిష్టి తీయాల్నా?"

"ఊరికే చూపించేదానికి తెచ్చినా. ఇట్లాంటిదే నీకు బిగిస్తా. నచ్చితేనే."

పెట్టె విప్పి హాల్లో టీవీ కింద పెట్టాడు. అంగట్లో వాడుక ప్రకారం అతను చెప్పిన ధర పెట్టె వరకే. మానిటర్, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ, కీబోర్డు ఆ ధరలో ఉండవు. కొనేవాళ్ళు అడిగితే చెప్తారు, అడగకపోతే లేదు. శ్రీవాసవి అడగలేదు. ఇంట్లో మనిషి చెప్పాడు కదా అనుకుంది.

మానిటర్ లేదు కాబట్టి టీవీకే తగిలించాడు. కీబోర్డు పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. అలివేలమ్మ వంటింట్లోంచి చపాతీ పీట తెచ్చి శ్రీవాసవి ఒళ్ళో పెట్టింది. తెర వెలిగింది. ఆట మొదలవకముందే విండోస్ ఏదో దింపుకుంటానని గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది.

"పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా, అవి పొంగేలోపు అయితాదా?" అంది అలివేలమ్మ.

చివరికి ఆట వచ్చింది. అడవి, వాన, గుర్రం మీద ఒక యోధురాలు. ఇంత పెద్ద టీవీలో సన్నని వివరాలన్నీ కనిపించేలా బొమ్మ చూపించడం ఆ ధరలో దొరికే గ్రాఫిక్స్ కార్డు వల్ల కాదు. గుర్రం దౌడు తీసినప్పుడల్లా బొమ్మ తడబడింది. అతను సెట్టింగులు తగ్గించాడు. బొమ్మ నిలకడగా ఆడింది గానీ, ఆకులు ముద్దముద్దగా కనిపించాయి.

శ్రీవాసవి మెల్లగా, "స్తుతి వాళ్ళింట్లో ఆకుల మీద నీళ్ళు కూడా కనపడతాయి" అంది.

"స్తుతి ఎవరు?"

"నా ఫ్రెండు బావా, రైల్వేలో చేస్తాది. దాని దగ్గర కన్సోల్ ఉండాది, అల్మరా నిండా డిస్కులు. రెజీనా దగ్గర ఇంకొన్ని. ఒకరివి ఒకరు మార్చుకుంటారు."

"నెట్టు మీద ఎవురితో ఆడతావు నువ్వు?"

"నాకెందుకు ఆ గోల? కథలుండేటివే నాకిష్టం. ఒక్కదాన్నే ఆడుకుంటా."

అంటే చందా అక్కర్లేదు. అరువు డిస్కులు ఉన్నాయి కాబట్టి ఆటలు ఖరీదైనా బాధ లేదు. వేరే పనులకు ఆమె లెక్కలు చూసే లాప్‌టాప్ ఉండనే ఉంది. ముక్కలు మార్చుకోవచ్చన్నాడు గానీ, నాలుగేళ్ళ తర్వాత కార్డు మార్చాలంటే ఇప్పుడు పెట్టే దాంట్లో సగం మళ్ళీ పెట్టాల్సి వస్తుందనీ, అప్పుడు పవర్ సప్లై కూడా చాలకపోవచ్చనీ అనలేదు. కన్సోల్ అయితే, దాని తర్వాతి తరం వచ్చేదాకా ఆటలు తయారుచేసేవాళ్ళు వాటిని దానికి సరిపోయేలానే చేస్తారు. తను చెప్పిన నిజాలన్నీ వేరే ఎవరికో పనికొచ్చే నిజాలు.

నిజం చెప్పడానికి ఇంకా సమయం ఉంది. నోరు మూసుకుంటే మాత్రం బేరం తనదే.

శ్రీవాసవి పీట పక్కన పెట్టి నవ్వింది. "సరే బావా, ఇదే తీసుకుంటా. నువ్వు చెప్తే అంతే. చిన్నబావను కూడా అడిగినా."

"ఏమన్నాడు?"

"'నేను అమ్మేటోణ్ణి, నా మాట నమ్మొద్దు. అన్నకు తెలిసినంత నాకు తెలీదు. ఆయన ఏది చెప్తే అది తీసుకో' అన్నాడు."

గెలిచాడు. రెండేళ్ళుగా దీనికోసమే కాచుకున్నాడు. కానీ ఆ గెలుపు కూడా రాఘవేంద్రప్రసాద్ చేతి నుంచే వచ్చింది, ముందు సీటు వదిలిపెట్టి రా అన్నా కూర్చో అన్నట్టు. అతను దొంగ మర్యాద చూపించి ఉంటే ద్వేషించడం సులువయ్యేది. అతనికి నిజంగానే ఈర్ష్య లేదు. అదే సోమశేఖర్‌ను అన్నిటికన్నా ఎక్కువ మండించింది. ఇంతకాలం తను ఎవరితో పోటీ పడ్డాడు? ఎదుట ఎవరూ లేని పందెంలో పరిగెత్తి రొప్పుతున్నట్టు అనిపించింది. అన్నకు తెలిసినంత, అన్నాడు. ఏం తెలుసో తనకు బాగా తెలుసు. ఈ పెట్టె ఇక్కడ పెట్టి వెళితే, వచ్చేవారం మానిటర్ ఏదని అడుగుతుంది ఈ పిల్ల. నాలుగేళ్ళకు కార్డు ఎందుకు చాలదని అడుగుతుంది. నమ్మి అడుగుతుంది.

అలివేలమ్మ టీ తెచ్చింది. అతను గ్లాసు అందుకుని టీవీ వైపు చూశాడు. యోధురాలు వానలో కదలకుండా నిలబడి, ఎవరైనా నడిపిస్తారేమో అని చూస్తోంది.

"ఏం బావా, అట్లయిపోయినావు? టీలో చక్కెర లేదా?"

"ఉండాది."

గ్లాసు కింద పెట్టాడు. ఫోను తీసి, ఏడాదిగా తనంతట తాను ఎప్పుడూ చేయని నంబరు నొక్కాడు. అవతల ఎత్తగానే, "చెప్పన్నా" అన్న గొంతులో ఆశ్చర్యం వినిపించింది.

"రాఘవేంద్రా," అన్నాడు సోమశేఖర్, "డిస్కు పెట్టే రకం కన్సోల్ మీ అంగట్లో ఉండాదా? డిస్కు లేనిది వద్దు. మన వాసవికి."