కామాల బావమరిది

ఆ పిల్లల పుస్తకాల ఆఫీసులో యజమాని బావమరిదికి కంప్యూటర్ గురించి తెలియని సంగతి లేదు. ఆ మాట చెప్పింది కూడా ఆయనే.

బొమ్మల గదిలో పనిచేసే ఆవిడను అందరూ అక్కా అంటారు. పదేళ్లలో ఒక్క పుస్తకం మీద కూడా ఆమె పేరు పడలేదు. ఈసారి వేస్తానని యజమాని మాటిచ్చాడు. ఒక రచయిత్రి తన అమ్మమ్మ గురించి, ఆమె కుక్క గురించి రాసిన పుస్తకమది. అమ్మమ్మ రూపాన్ని అక్క నిండు వాక్యాల్లో రాసింది. వాక్యాలు అర్థం చేసుకునే ప్రోగ్రాం దాన్ని చదివి అట్టబొమ్మ చక్కగా గీసింది.

లోపలి పేజీలు గీసే ప్రోగ్రాం వేరు. దానికి కామాలతో విడదీసిన చిన్న చిన్న మాటల ముక్కలు కావాలి. "అదెంత పని!" అని బావమరిది అక్క వాక్యాలనే తీసుకుని, సందు దొరికిన చోటల్లా కామా కొట్టాడు. 'టోపీ లేదు, నవ్వదు, పక్కన కుక్క, దాని మెడలో నీలి మఫ్లర్.'

'లేదు' అంటే అర్థం కాని ఆ ప్రోగ్రాం గీసిన బొమ్మలో అమ్మమ్మ టోపీ పెట్టుకుని పళ్లికిలించింది. మఫ్లర్ ఆమె మెడలోనే ఉంది. కళ్లజోడు కుక్కకు వచ్చింది.

"అక్క రాసిందే సరిగా లేదు బావా," అన్నాడు మహానుభావుడు.

"మూడింటికి రచయిత్రి వస్తుంది. లోపలి బొమ్మలు అట్టబొమ్మతో కలవకపోతే నీ పేరు సంగతి మర్చిపో," అన్నాడు యజమాని అక్కతో.

అక్కకు ఒళ్లు మండింది. అయినా కూర్చుంది. ముఖ్యమైనవి ముందు పెట్టింది: ముసలావిడ, నెరిసిన ముడి, గుండ్రటి కళ్లజోడు, మూసిన పెదవులు. వద్దన్నవాటికి తెర మీద విడిగా ఉండే పెట్టెలో టోపీ, నవ్వు వేసింది. ఒకరివి ఒకరికి అంటుకోకుండా కుక్కను వేరే బొమ్మగా గీయించి పక్కన అతికించింది.

రచయిత్రి పేజీలు చూసి కళ్లు తుడుచుకుంది. "అచ్చం మా అమ్మమ్మే!"

"నేనే దగ్గరుండి చేయించా," అన్నాడు బావమరిది, కాలరెగరేస్తూ. యజమాని తలూపాడు.

"వెనక అట్టకు ఇంకొక్కటి కావాలి. జబ్బుపడ్డ అమ్మమ్మ మెడకు కుక్క తన మఫ్లర్ తెచ్చి చుడుతుంటే, ఆవిడ మొహం తిప్పుకుని ఏడుపు దాచుకోవాలి," అంది రచయిత్రి.

బావమరిది ఠీవిగా కూర్చున్నాడు. వాక్యాల ప్రోగ్రాం తెరిచి అక్క ముక్కల జాబితానే అందులో పోసి, చివర 'మఫ్లర్, జబ్బు, ఏడుపు' అని తగిలించాడు. అమ్మమ్మ, కుక్క గుర్తింపుకార్డు ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇద్దరూ ఏడుస్తున్నారు.

"ఎవరు ఎవరికి చుడుతున్నారు ఇందులో?" అంది రచయిత్రి.

బావమరిది ఇంకో కామా పెట్టాడు.

యజమాని మెల్లగా అక్క బల్ల దగ్గరికొచ్చాడు. "అమ్మా, కాస్త నువ్వు..."

అక్క కీబోర్డు ముట్టుకోలేదు. మౌస్‌తో తెర మీద పుస్తకం మొదటి పేజీ తెరిచి, 'బొమ్మలు' అన్న మాట కింద పేరు కోసం వదిలిన ఖాళీ చూపించింది.

"ముందు ఇక్కడ మీరు టైప్ చేయండి. తర్వాత నేను రాస్తా."